మూడు బంగాళాదుంపలు

రెండున్నరేళ్ల పిల్లల్లో కొందరు ఒకటి నుంచి పది దాకా గడగడా అప్పజెప్పేస్తారు. అదే పాపను "మూడు బంగాళాదుంపలు ఇవ్వమ్మా" అని అడిగితే బుట్టలోంచి చేతికి అందినన్ని తీసి ఇస్తుంది. అంకెల వరస ఆమెకు పాటలాగా వచ్చు. మూడంటే ఎంతో ఇంకా తెలియదు. మనస్తత్వ శాస్త్రవేత్త కారెన్ విన్ 1990లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలను ఇలాగే, ఇన్ని బొమ్మలు ఇవ్వమని అడిగి ఈ తేడాను చూపారు. పిల్లలకు ముందు ఒకటి, కొన్ని నెలలకు రెండు, ఆ తర్వాత మూడు అర్థమవుతాయి. ఆపైన, ఎక్కువగా మూడున్నర, నాలుగేళ్ల మధ్య, లెక్కలో చివర పలికిన అంకే మొత్తమని తెలిసిపోతుంది. ఈ వయసు పిల్లలందరికీ ఒకటి కాదు.

పాప ఏ మెట్టు మీద ఉందో కూరగాయల బుట్ట దగ్గరే తెలుస్తుంది. ముందు ఒకటి, తర్వాత రెండు, ఆపైన మూడు ఇవ్వమని అడగాలి. ఒకటి సరిగ్గా ఇచ్చి, రెండు అడిగినప్పుడు గుప్పెడు తీస్తే ఆమెకు ఒకటి మాత్రమే తెలుసు. అప్పుడు నేర్పాల్సింది రెండు, పది కాదు. ఇంకో గుర్తూ ఉంది. నాలుగు ఉల్లిపాయలు లెక్కపెట్టాక "ఎన్ని ఉన్నాయి?" అంటే, నాలుగని చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంటే, చివరి అంకే మొత్తమన్న సంగతి ఇంకా అందలేదన్నమాట.

అలాంటప్పుడు ముందు మొత్తం చెప్పి, తర్వాత లెక్కపెట్టి చూపడం మేలు. "ఇవి మూడు దుంపలు. ఒకటి, రెండు, మూడు. మూడు దుంపలు" అంటూ ఒక్కో అంకెకు ఒక్కో దుంపను పళ్లెంలోంచి గిన్నెలోకి వేయాలి. దుంప చేతులు మారుతుంది కాబట్టి ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టడం, ఒకదాన్ని వదిలేయడం తగ్గుతాయి. పాప తప్పు ఇస్తే "కాదు" అని ఊరుకోకుండా, ఇచ్చినవాటిని ఆమెతోనే లెక్కపెట్టి "ఇవి నాలుగు, మనకు మూడు చాలు" అని ఒకటి తిరిగి బుట్టలో వేయించాలి.

తెలుగు పిల్లలు రెండు రకాల సంఖ్యా పదాలు నేర్వాలి. వస్తువులు రెండు, మూడు. మనుషులు ఇద్దరు, ముగ్గురు. భోజనాలకు కంచాలు పెట్టే పని ఈ రెంటినీ కలుపుతుంది. "నాయనమ్మ, నాన్న, నువ్వు. ముగ్గురు. మూడు కంచాలు తేవాలి" అని చెప్పి, ఒక్కొక్కరి ముందు ఒక్కో స్టీలు కంచం పెట్టించాలి. పాప రెండే తెస్తే నాయనమ్మ ముందు ఖాళీ కనబడుతుంది. తప్పు ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఇంకొకటి" అని ఆమే వంటింట్లోకి వెళ్తుంది.

ఆకారాల విషయంలో ఒక చిక్కు మన మాటల్లోనే ఉంది. చపాతీనీ టమాటానీ రెంటినీ గుండ్రం అనే అంటాం. చపాతీ బల్లకు అతుక్కుని ఉంటుంది, టమాటా దొర్లిపోతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి దొర్లించి చూపితే బిళ్లకూ బంతికీ తేడా పాపకు తెలుస్తుంది.

మరో చిక్కు, పిల్లలు ఆకారాన్ని ఒకే భంగిమలో గుర్తుపెట్టుకోవడం. అడుగు బల్లపరుపుగా, కొన పైకి ఉంటేనే త్రిభుజం అనుకుంటారు. చతురపు బ్రెడ్ ముక్కను మూల నుంచి మూలకు పెద్దవాళ్లు కోస్తే రెండు త్రిభుజాలు వస్తాయి. ఒకదాన్ని తలకిందులుగా, ఇంకోసారి పక్కకు తిప్పి, ప్రతిసారీ పాప వేలితో మూడు మూలలూ ముట్టించి లెక్కపెట్టించాలి. తిప్పినా మూలలు మూడే. చపాతీని నాలుగు మడతలు పెడితే అదీ త్రిభుజంలాగే ఉంటుంది గానీ, దాని ఒక అంచు వంపుగా ఉంటుంది. బ్రెడ్ ముక్కనూ దాన్నీ పక్కన పెట్టి, అంచుల వెంట వేలు నడిపిస్తే ఆ తేడా చేతికే తెలుస్తుంది.

వాడే వస్తువుల పరిమాణం చూసుకోవాలి. శనగలు, పల్లీలు, చింతపిక్కలు లెక్కకు వీలుగా ఉన్నా, మూడేళ్ల లోపు పిల్లలు వాటిని నోట్లో, ముక్కులో పెట్టుకుంటే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద దుంపలు, గరిటెలు, స్టీలు గిన్నెలు చాలు. ఈ పనులన్నీ పొయ్యికి, కత్తిపీటకు దూరంగా, నేల మీద కూర్చునే చేయించాలి. పాప దుంపలు విసరడం మొదలుపెట్టిందంటే ఆ పూటకు ఆట ముగిసినట్టే. రేపు కూరకు మళ్లీ దుంపలు కావాలి. అప్పుడు మళ్లీ అడగవచ్చు.