నోట్లు చాలడం లేదన్న బ్యాంకు

1923 ఆగస్టు 17న జర్మనీ కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్ అధ్యక్షుడు రుడాల్ఫ్ హావెన్‌స్టైన్ ప్రభుత్వ పెద్దలకు ఒక లెక్క వినిపించాడు. అప్పటికి దేశమంతటా చలామణిలో ఉన్న నోట్ల విలువ 63 లక్షల కోట్ల మార్కులు. మరో వారానికల్లా రోజుకు 46 లక్షల కోట్ల మార్కుల నోట్లు విడుదల చేయగలమన్నాడు. అంటే దేశంలో ఉన్న మొత్తం నోట్లలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క రోజులోనే అచ్చువేస్తారన్నమాట. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, తమ బ్యాంకు సామర్థ్యం చాటుకుంటున్నట్టు చెప్పాడు ఆ మాట.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు డాలరుకు 4.20 మార్కులు ఇస్తే సరిపోయేది. 1923 జనవరిలో సుమారు 18 వేలు ఇవ్వాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరుకు 4 లక్షల 20 వేల కోట్లు.

హావెన్‌స్టైన్ తెలివితక్కువవాడేం కాదు. అతని వాదనకు ఒక లెక్క ఉంది. నోట్లు పెరిగినదాని కంటే ధరలు ఎక్కువ వేగంగా పెరుగుతున్నాయి. మిల్లుల యజమానులకు జీతాలివ్వడానికి నగదు దొరకడం లేదు. ధరలే ముందు పరుగెత్తుతుంటే, నోట్ల వల్ల ధరలు పెరుగుతున్నాయని ఎలా అంటారు? దేశంలో ఉన్నది డబ్బు కొరత, కాబట్టి ఇంకా అచ్చువేయాలి. వినడానికి సబబుగానే ఉందే అనిపిస్తుంది. ఇందులో లొసుగు ఎక్కడుందో చూపించే సూత్రం అప్పటికి పన్నెండేళ్ల కిందటే అచ్చులో ఉంది. అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1911లో రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన వినిమయ సమీకరణం అది. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఇలా రాస్తారు:

M × V = P × Q

M అంటే చలామణిలో ఉన్న డబ్బు. V అంటే ఒక్కో రూపాయి ఏడాదిలో సగటున ఎన్నిసార్లు చేతులు మారిందో ఆ లెక్క, చలామణీ వేగం. P ధర, Q అమ్ముడైన సరుకు.

ఒక ఊరనుకుందాం. అక్కడ మొత్తం డబ్బు లక్ష రూపాయలు. ఒక్కో రూపాయి ఏడాదిలో ఆరుసార్లు చేతులు మారింది. అంటే కొన్నవాళ్లు ఇచ్చిన సొమ్ము మొత్తం 6 లక్షలు. ఆ ఊళ్లో అమ్మేది బియ్యం ఒక్కటే అనుకుంటే, ఏడాదికి 300 బస్తాలు అమ్ముడైతే బస్తా ధర 2,000. కొన్నవాళ్లు ఇచ్చిందీ అమ్మినవాళ్లు పుచ్చుకుందీ ఒకటే సొమ్ము కదా, అందుకే ఈ సమీకరణం ఎప్పుడూ తప్పదు. ఒకే లావాదేవీని రెండు వైపుల నుంచి రాసిన పద్దు అది. దానంతటది ఏ కారణాన్నీ చెప్పదు.

ద్రవ్య పరిమాణ సిద్ధాంతం దానికి మరో రెండు మాటలు కలుపుతుంది. జనం డబ్బు చేతులు మార్చే తీరు తొందరగా మారదు కాబట్టి V దాదాపు నిలకడగా ఉంటుంది. పంట ఎంత పండుతుందన్నది వానల మీదా, నేల మీదా, శ్రమ మీదా ఆధారపడుతుంది కాబట్టి, నోట్లు అచ్చువేసినంత మాత్రాన Q పెరగదు. ఈ రెండూ నిజమైతే ఊళ్లో డబ్బు 2 లక్షలైనప్పుడు బస్తా 4,000 అవుతుంది. వేరే దారి లేదు.

కానీ జర్మనీలో V నిలకడగా లేదు. సిద్ధాంతాన్ని పట్టుకుని వేళ్లాడేవాళ్లూ, దాన్ని కొట్టిపారేసేవాళ్లూ ఇద్దరూ మరిచిపోయే చోటు ఇదే. రేపటికి సగం విలువ చేసే నోటును ఎవరు దాచుకుంటారు? కూలి రోజుకోసారి, ఆ తర్వాత రోజుకు రెండుసార్లు కూడా ఇచ్చారు. చేతికి రాగానే దుకాణానికి పరుగు. దుకాణదారులు సరుకుకు మూలధర ఒకటి పెట్టుకుని, ఆనాటి గుణకంతో దాన్ని హెచ్చవేసి అమ్మేవారు. ఆ గుణకం పెరగకముందే కొనేయాలని అందరి ఆత్రం. అలా ప్రతి నోటూ మునుపటి కంటే చాలా ఎక్కువసార్లు చేతులు మారింది.

ఇప్పుడు మన ఊరి లెక్క మళ్లీ వేద్దాం. డబ్బు 2 లక్షలైంది. జనం భయపడి చేతులు మార్చడంతో V ఆరు నుంచి పద్దెనిమిదికి పెరిగింది. బియ్యం అవే 300 బస్తాలు. ఇప్పుడు బస్తా ధర 12,000. డబ్బు రెండింతలైతే ధర ఆరింతలైంది. మొదట ఊళ్లో ఉన్న లక్షతో 50 బస్తాలు వచ్చేవి; ఇప్పుడు 2 లక్షలు పెట్టినా 17 బస్తాలు కూడా రావు. రాశి పెరిగింది, కొనుగోలు శక్తి తగ్గింది. హావెన్‌స్టైన్ కంటికి కనిపించిన ‘డబ్బు కొరత’ ఇదే. కొరత నిజమే, కానీ నోట్లను ఎవరూ చేతిలో ఉంచుకోకపోవడం వల్ల వచ్చింది అది. దాన్ని తీర్చడానికి మరిన్ని అచ్చువేస్తే జనం వాటిని ఇంకా తొందరగా వదిలించుకుంటారు.

ఇంతకీ అంత అచ్చువేయాల్సిన అవసరం ఏమొచ్చింది? 1923 జనవరిలో ఫ్రెంచ్, బెల్జియన్ సేనలు బొగ్గుకూ ఉక్కుకూ నిలయమైన రూర్ ప్రాంతాన్ని ఆక్రమించాయి. కార్మికులు పనిచేయకుండా నిరసన తెలిపారు, వాళ్లను పోషించే బాధ్యత బెర్లిన్ ప్రభుత్వం తీసుకుంది. పన్నుల రూపంలో వచ్చే సొమ్ము ఖజానాకు చేరేలోపే విలువ పోగొట్టుకునేది. ప్రభుత్వం హుండీలు రాసేది, రైష్‌బ్యాంక్ వాటిని పుచ్చుకుని నోట్లిచ్చేది. బొగ్గు తవ్వకం పడిపోయింది కాబట్టి Q కూడా తగ్గింది. M ఎక్కింది, V ఎక్కింది, Q దిగింది. మూడూ ధరలను ఒకే దిక్కుకు తోశాయి.

నవంబరు 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త నోటు వచ్చింది. ఒక్క రెంటెన్‌మార్క్‌కు లక్ష కోట్ల పాత మార్కులు. దేశంలోని భూములూ పరిశ్రమలూ దానికి పూచీ అన్నారు గానీ, నోటు తీసుకెళ్లి ఎవరూ ఎకరం తెచ్చుకోలేరు. అసలు మందు వేరే ఉంది. అదే సమయానికి రైష్‌బ్యాంక్ ప్రభుత్వ హుండీలు పుచ్చుకోవడం మానేసింది. కొత్త నోటు మీద ప్రభుత్వం తీసుకోగల అప్పుకు 120 కోట్ల పరిమితి పెట్టారు. ప్రభుత్వం ఉద్యోగులను పెద్ద సంఖ్యలో తగ్గించుకుంది. ధరలు నిలబడ్డాయి. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత నెలల్లో చలామణిలోని నోట్లు బాగానే పెరిగాయి, అయినా ధరలు పెరగలేదు. జనం మళ్లీ నోటును జేబులో ఉంచుకోవడం మొదలుపెట్టారు, V దిగింది, పెరిగిన M ఆ ఖాళీలో ఇమిడిపోయింది.

2008 తర్వాత అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. కేంద్ర బ్యాంకు సృష్టించిన మూల ద్రవ్యం ఆరేళ్లలో నాలుగింతలకు పైగా పెరిగింది, ధరలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. ఆ సొమ్ములో ఎక్కువ భాగం బ్యాంకుల ఖాతాల్లో నిల్వగా ఉండిపోయింది, బజారుకు రాలేదు. అందుకే డబ్బు పెరిగిన ప్రతిసారీ అదే లెక్కన ధరలు పెరుగుతాయనడం తొందరపాటు. ఏడాదికి అయిదో పదో శాతం తేడాల దగ్గర V, Q లలోని మార్పులే కథను తారుమారు చేయగలవు. నోట్లు నెలకు రెండింతలవుతుంటే మాత్రం వేరే సంగతి. సరుకు ఆ వేగంతో పెరగదు, V కూడా తగ్గకపోగా పెరుగుతుంది.

మన దేశంలోనూ చాలాకాలం కేంద్ర ప్రభుత్వానికి డబ్బు కావాలంటే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు రాసిస్తే సరిపోయేది. రిజర్వు బ్యాంకు వాటిని పుచ్చుకుని సొమ్ము ఇచ్చేది. సి. రంగరాజన్ గవర్నరుగా ఉండగా 1994లో కుదిరిన ఒప్పందంతో ఈ దారి ఇరుకైంది, 1997 ఏప్రిల్ 1 నుంచి మూసుకుపోయింది. (ఆ ఏడాది చివర్లో ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదు వచ్చారు.) 2006 నుంచి ప్రభుత్వ బాండ్లను విడుదల సమయంలో నేరుగా కొనడం కూడా మామూలు రోజుల్లో రిజర్వు బ్యాంకుకు కుదరదు. బజారులో ఇతరుల దగ్గర కొనవచ్చు, 2021లో అలా పెద్ద ఎత్తున కొన్నది కూడా. తేడా ఏమిటంటే ఎప్పుడు కొనాలో, ఎంత కొనాలో నిర్ణయించేది ఇప్పుడు బ్యాంకే, ఖజానా అవసరం కాదు.