ఆట నెమ్మదిస్తే తప్పు ప్రాసెసర్‌దా, గ్రాఫిక్స్ కార్డుదా?

కంప్యూటర్ ఆటలో తెరపై కనిపించే ప్రతి ఫ్రేమూ రెండు చేతులు మారి వస్తుంది. ఎవరు ఎక్కడ ఉన్నారు, వీధిలో జనం ఎటు నడుస్తున్నారు, ఏ దెబ్బ ఎవరికి తగిలింది అన్న లెక్కలన్నీ ముందుగా ప్రాసెసర్ తేల్చి, ఏమేమి గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెబుతుంది. కార్డు వాటిని వెలుగునీడలతో సహా గీసి తెరకు పంపుతుంది. రెండింటిలో ఏది వెనకబడితే ఆట వేగం దాన్ని బట్టే ఉంటుంది; రెండోది ఖాళీగా ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపు గ్రాఫుల్లో కనిపిస్తుంది.

ఆట నడుస్తుండగానే తెర మూలన ఈ అంకెలు చూపడానికి చాలామంది వాడేది MSI Afterburner అనే ఉచిత ప్రోగ్రామ్. అందులో GPU usage, Framerate, Frametime అనే మూడింటినీ తెరపైకి తెచ్చుకుంటే చాలు. అయితే కొలత మొదలుపెట్టే ముందు ఆట సెట్టింగుల్లో V-Sync, ఫ్రేముల పరిమితి రెండూ ఆపెయ్యాలి. 60 ఫ్రేముల దగ్గర కట్టడి ఉంటే రెండు భాగాలూ తీరిగ్గానే పనిచేస్తుంటాయి, గ్రాఫు ఏ సంగతీ చెప్పదు. తప్పుడు నిర్ధారణలు చాలావరకు ఈ ఒక్క పొరపాటు నుంచే పుడతాయి.

ముందు చూడాల్సింది కార్డు గ్రాఫే. అది 95 శాతం పైన నిలకడగా ఉంటే కార్డు తన శక్తినంతా పెట్టేసినట్టే, వేగాన్ని ఆపుతున్నది అదే. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఆటకు ఇది ఆరోగ్యకరమైన స్థితి. కట్టడి ఏదీ లేకపోయినా కార్డు 60, 70 శాతం దగ్గరే ఆగిపోతుంటే దానికి పని సకాలంలో అందడం లేదని అర్థం. అప్పుడు అనుమానం ప్రాసెసర్ మీదికి మళ్లాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రాసెసర్ వాడకం 35 శాతమే కనబడుతుంటే దానికి ఇంకా బోలెడు ఓపిక ఉందనుకుంటారు. కానీ ఆ అంకె మొత్తం థ్రెడ్ల సగటు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో అది ఎనిమిది శాతమే. చాలా ఆటల్లో ప్రధానమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది కనుక, అవి నిండిపోగానే మిగతావి ఖాళీగా ఉన్నా లాభం ఉండదు. Task Managerలో ప్రాసెసర్ గ్రాఫు మీద కుడి క్లిక్ చేసి Change graph toలో Logical processors ఎంచుకుంటే ఒక్కో థ్రెడ్ విడిగా కనిపిస్తుంది. అయినా అక్కడ 100 శాతం గీత కోసం వెతకడం వృథా కావచ్చు. విండోస్ ఆ పనిని ఒక కోరు నుంచి మరో కోరుకు మారుస్తూ ఉంటుంది కాబట్టి, నిండిన థ్రెడ్ కూడా నాలుగైదు సగం గీతలుగా చెదిరిపోతుంది. అందుకే ప్రాసెసర్ గ్రాఫు కంటే కార్డు గ్రాఫు ఎక్కువ నమ్మదగిన సాక్షి.

సైబర్‌పంక్ 2077 ఆటనే తీసుకుందాం. పైన చెప్పినలాంటి ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో, ఊరి బయటి ఖాళీ రోడ్డు మీద కార్డు 98 శాతం, వేగం సెకనుకు 90 ఫ్రేములు ఉన్నాయనుకుందాం. జనం కిక్కిరిసిన బజారులోకి రాగానే కార్డు 64 శాతానికి, వేగం 70కి పడిపోయాయి. కార్డుకు పని తగ్గింది, అయినా ఆట నెమ్మదించింది. నిర్ధారించుకోవడానికి అదే బజారులో నిలబడి రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించి చూడాలి. దీంతో కార్డు గీయాల్సిన చుక్కలు సగానికి పైగా తగ్గుతాయి, ప్రాసెసర్ లెక్కలు మాత్రం దాదాపు అంతే ఉంటాయి. వేగం 71 దగ్గరే ఉండి, కార్డు వాడకం ఇంకా దిగితే ఆపుతున్నది ప్రాసెసరేనని తేలినట్టు. వేగం 100 దాటి ఉంటే కార్డుదే లోపం అయ్యేది. రోడ్డు మీద ఇదే పరీక్ష చేస్తే వేగం పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ అడ్డు కార్డే. ఒకే ఆటలో చోటు మారితే అడ్డు కూడా మారుతుంది కాబట్టి, ఒక్కచోట చూసి తీర్పు చెప్పకూడదు.

ఈ రెంటికీ చెందని ఇబ్బంది ఒకటుంది. కార్డులోని సొంత మెమరీ అంచుదాకా నిండితే బొమ్మలకు కావాల్సిన సమాచారం నెమ్మదైన ప్రధాన మెమరీ నుంచి రావాలి. అప్పుడు కార్డు గ్రాఫు ఉన్నట్టుండి కిందికి జారుతుంది, Frametime గీత సూదుల్లా పైకి లేస్తుంది, ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. ప్రాసెసర్ లోపంలాగే కనిపించినా, టెక్స్చర్ల నాణ్యత తగ్గించగానే ఇది సర్దుకుంటుంది.

బజారులో తేలిన లోపానికి సెట్టింగుల్లోనే కొంత మందు ఉంది. Crowd Densityని తగ్గిస్తే జనం తగ్గి ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది. నీడలు, రిజల్యూషన్ వంటివి తగ్గించడం అక్కడ దండగ. ఆ కంప్యూటర్‌కు ఎంత ఖరీదైన కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టినా, ప్రాసెసర్ మారనంతవరకు ఆ బజారులో వేగం 70 దగ్గరే ఉంటుంది.