కార్డు కొత్తదైనా గేమ్ పాత వేగంలోనే!

పాత కంప్యూటర్‌లో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు బిగించాక గేమ్ వేగం పెరగకపోతే ముందుగా కార్డునే అనుమానిస్తాం. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు.

తెరమీద కనిపించే ఒక్కో ఫ్రేమ్ వెనకా రెండు పనులుంటాయి. శత్రువు ఎటు కదిలాడు, తూటా ఎవరికి తగిలింది, ఏమేం గీయాలి అని తేల్చేది ప్రాసెసర్. వాటికి రంగు, వెలుగు, నీడ అద్ది బొమ్మ గీసేది కార్డు. ఇది ఒక ఫ్రేమ్ గీస్తుండగానే అది తర్వాతి ఫ్రేమ్ లెక్కలు చూస్తుంటుంది. కాబట్టి రెండింటిలో ఏది నిదానమైతే గేమ్ వేగం దానిదే. బాటిల్‌నెక్ అంటే ఇదే.

ఒక గేమ్‌లో ఫ్రేమ్‌కి ప్రాసెసర్ 10 మిల్లీసెకన్లు, కార్డు 20 తీసుకుంటున్నాయనుకుందాం. సెకనుకు 50 ఫ్రేములొస్తాయి. 8 మిల్లీసెకన్లలో గీసే కార్డు వేస్తే 125 రావాలి కదా అనిపిస్తుంది, కానీ వచ్చేవి 100. 5 మిల్లీసెకన్ల కార్డు వేసినా అవే 100. ఆ పైన పెట్టిన డబ్బంతా వృథా.

ఈ జత అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 1080p నుంచి 1440p కి వెళ్తే కార్డు గీయాల్సిన పిక్సెళ్లు 1.8 రెట్లకు దగ్గరగా పెరుగుతాయి, ప్రాసెసర్ పని దాదాపు మారదు. అక్కడ ప్రాసెసర్ వెనకబడిన జతలోనే ఇక్కడ కార్డు వెనకబడొచ్చు. అందుకే గేమ్ పేరు, రిజల్యూషన్ అడగకుండా బాటిల్‌నెక్ ఇంత శాతమని చెప్పే కాలిక్యులేటర్లను నేను నమ్మను.

మన కంప్యూటర్ సంగతి MSI Afterburner చెబుతుంది. ఫ్రేములకు పరిమితి పెట్టకుండా, V-Sync ఆపేసి ఆడండి. GPU వాడకం 95 శాతం దాటి నిలిస్తే హద్దు కార్డుదే. 60, 70 దగ్గర ఊగుతుంటే ప్రాసెసర్‌ని చూడాలి. CPU వాడకం 40 శాతమే కదా అని మోసపోవద్దు: అది అన్ని కోర్ల సగటు. గేమ్ ముఖ్యమైన పనంతా ఒక్క కోర్ మీదే పడి, మిగతావి ఖాళీగా ఉండొచ్చు. అనుమానం తీరకపోతే రిజల్యూషన్ తగ్గించండి. అయినా ఫ్రేములు పెరగకపోతే అడ్డు కార్డు కాదు.

కొనేటప్పుడు మానిటర్‌తో మొదలుపెట్టాలి. 60 హెర్ట్జ్, 1080p తెరకు Core i3-12100F పక్కన RX 6600 చాలు. 144 హెర్ట్జ్ తెరమీద Valorant, Counter-Strike 2 ఆడేవాళ్లు అదే కార్డు ఉంచుకుని ప్రాసెసర్‌ని Ryzen 5 5600 లేదా అంతకు పైదానికి పెంచుకోవాలి. Cyberpunk 2077 లాంటివి ఆడేవాళ్లకు లెక్క తిరగబడుతుంది: ప్రాసెసర్ 5600 దగ్గర ఆపి, మిగిలింది RTX 4060 లాంటి కార్డు మీద పెట్టాలి. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్‌గా కాక 8 చొప్పున రెండు తీసుకోండి. ఒక్క స్టిక్ అయితే ప్రాసెసర్‌కి డేటా నెమ్మదిగా అందుతుంది.

ఇప్పటికే ప్రాసెసర్ వెనకబడ్డ కంప్యూటర్ ఉంటే జనసమ్మర్దం, దూరపు దృశ్యాల సెట్టింగ్‌లు తగ్గించండి, టెక్స్‌చర్లు, రిజల్యూషన్ పెంచండి. ఊరికే కూర్చున్న కార్డుకు పని దొరుకుతుంది, బొమ్మా బాగుపడుతుంది.