‘పోయింది’ అనే ముందు అడగాల్సిన ప్రశ్న

హైదరాబాద్‌లో ఆసుపత్రుల దగ్గరుండే హోటళ్లలో గల్ఫ్ నుంచి వైద్యానికి వచ్చినవాళ్లు తరచూ దిగుతుంటారు. రాత్రి పదింటికి అలాంటి హోటల్లో జరిగే ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. ఒమన్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కంగారుగా రిసెప్షన్ దగ్గరికి వచ్చి, చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నారు. డ్యూటీలో ఉన్న అమ్మాయికి అర్థమైంది ‘జవాజ్’ అన్న ఒక్క మాటే. అంటే పాస్‌పోర్టు. ఆమె వెంటనే లగేజీ మోసే అన్నను పిలిచింది. జగిత్యాల నుంచి వెళ్లి మస్కట్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చిన మనిషి ఆయన.

ఆయన నోటికి మొదట వచ్చేది ‘మాఫీ ముష్కిల్’. ఏం ఫర్వాలేదని అర్థం. మంచి మనసుతో అన్నదే, కానీ అక్కడ అనకూడని మాట. ఇబ్బంది ఎంతటిదో ఇంకా ఎవరికీ తెలియదు. పైగా విన్నవాళ్లు దాన్ని హోటల్ ఇచ్చిన హామీగా తీసుకుంటారు.

అనువదించడానికి నిలబడ్డ మనిషి ముందు తన పాత్రేమిటో చెప్పాలి. ‘మీరు చెప్పేది ఈ మేడమ్‌కి, ఆమె చెప్పేది మీకు, ఉన్నదున్నట్టు చెబుతాను. మెల్లగా చెప్పండి, కూర్చోండి’ అంటే చాలు. ఇందుకు పది సెకన్లు పడుతుంది. లాబీలో అందరూ వినేలా గది నంబరు, పాస్‌పోర్టు వివరాలు మాట్లాడకుండా ఒక పక్కకు తీసుకెళ్లడం కూడా అప్పుడే జరగాలి.

అసలు చిక్కు తెలుగులోకి మార్చేటప్పుడు వస్తుంది. ‘మేడమ్, పాస్‌పోర్టు పోయిందట’ అనడం మనకు చాలా సహజం. కానీ మన ‘పోయింది’లో మూడు సంగతులు కలిసిపోతాయి: కనిపించడం లేదు, ఎక్కడో పడిపోయింది, ఎవరో కొట్టేశారు. అరబ్బీలో ఈ మూడింటికీ వేర్వేరు మాటలున్నాయి. ‘దాఅ’ అంటే పోగొట్టుకోవడం, ‘సురిఖ’ అంటే దొంగతనానికి గురికావడం, ‘లా అజిదుహు’ అంటే నాకు దొరకడం లేదు అని. పెద్దాయన వీటిలో ఏది అన్నారో అదే తెలుగులోనూ వినిపించాలి. తేడా తెలియకపోతే అనువాదకుడు ఊహించి ఒకటి ఎంచుకోకుండా, మళ్లీ అడగాలి.

ఇది మాటల పట్టింపు కాదు. దొంగతనం అంటే పోలీసులకు ఎఫ్ఐఆర్ కట్టాల్సిన నేరం. పోగొట్టుకోవడం అంటే పత్రం పోయిందన్న ఫిర్యాదు. ఇక చాలా దేశాల్లో, పోయిందని ఒకసారి అధికారికంగా నమోదైన పాస్‌పోర్టు తర్వాత దొరికినా చెల్లదు. దాని నంబరు ఇంటర్‌పోల్ వద్ద ఉన్న పోయిన పత్రాల జాబితాకూ చేరవచ్చు. పరుపు కింద దొరికిన పుస్తకంతో విమానాశ్రయానికి వెళ్లి అక్కడ ఆగిపోయే ప్రమాదం ఇలాగే వస్తుంది.

అందుకే రిసెప్షన్ నుంచి రావాల్సిన మొదటి ప్రశ్న ‘ఎక్కడ పోయింది?’ కాదు. ‘చివరిసారి చేతిలో చూసుకున్నది ఎప్పుడు, ఎవరికి చూపించారు?’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు మనిషి తెలియదంటాడు. రెండోదానికి గుర్తు తెచ్చుకుంటాడు. మన పెద్దాయన కూడా అలాగే గుర్తు తెచ్చుకున్నారు: పొద్దున ఆసుపత్రి కౌంటర్లో జెరాక్స్ కోసం ఇచ్చారు. ఈలోగా రిసెప్షన్ అమ్మాయి తమ స్కానర్ మూత ఎత్తి చూడాలి. చెక్-ఇన్ హడావుడిలో పాస్‌పోర్టు అద్దం మీదే ఉండిపోవడం హోటళ్లకు కొత్త కాదు.

దాంతోపాటు అతిథికి చెప్పదగ్గ నిజం ఒకటుంది: ‘మీ పాస్‌పోర్టు, వీసా కాపీలు మా దగ్గర ఉన్నాయి.’ విదేశీయులు దిగిన 24 గంటల్లోగా హోటల్ వారి వివరాలను విదేశీయుల నమోదు కార్యాలయానికి పంపాలి. కాబట్టి నంబర్లు, తేదీలు రికార్డులో ఉంటాయి. ‘మాఫీ ముష్కిల్’ కన్నా ఈ మాటకే ఆ పెద్దాయన కుదుటపడతారు. అయితే దీన్ని అమ్మాయి రికార్డు చూసుకుని చెప్పాలి, అనువాదకుడు తనంతట తాను చెప్పకూడదు.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే పాస్‌పోర్టు రోగి ఫైల్లోనే ఉందని తేలింది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లే పని తప్పింది.

అక్కడా దొరక్కపోతే దారి కాస్త పొడవు. ముందు పోలీసు ఫిర్యాదు ప్రతి తీసుకోవాలి. తర్వాత ఢిల్లీలోని ఒమన్ రాయబార కార్యాలయం నుంచి కొత్త పాస్‌పోర్టు గానీ, అత్యవసర ప్రయాణ పత్రం గానీ పొందాలి. ఆపైన e-FRRO వెబ్‌సైట్‌లో నిష్క్రమణ అనుమతికి దరఖాస్తు చేయాలి. ఈ చివరి మెట్టును చాలామంది మరిచిపోతారు. అత్యవసర పత్రం చేతిలో ఉన్నా, ఆ అనుమతి లేకపోతే ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆపేస్తారు. అందుకే ఆ అనుమతి తప్పనిసరని ఆ రాత్రే అతిథికి ఆయన భాషలో చెప్పాలి.