వ్యూస్ పెంచింది థంబ్‌నెయిలా, చంద్రయానా?

వీడియోకు వ్యూస్ ఒక్కసారిగా పెరిగాయంటే కారణం వీడియోలోనే ఉండవచ్చు, బయటి నుంచీ రావచ్చు. శీర్షిక, థంబ్‌నెయిల్, చెప్పిన తీరు మొదటి రకం. వార్తలు, పండుగలు, పరీక్షా ఫలితాలు రెండో రకం. రెండూ ఒకే వారంలో కలిసొస్తే ఏది ఎంత పనిచేసిందో విడదీయాలి.

చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04 గంటలకు చంద్రుడిపై దిగింది. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒక దశలో 80 లక్షల మందికి పైగా ఒకేసారి చూశారు. ఉదాహరణకు, ల్యాండర్ మెల్లగా ఎలా దిగుతుందో వివరించే పాత వీడియో ఒక చిన్న సైన్స్ చానల్‌లో ఉందనుకుందాం. దాని థంబ్‌నెయిల్‌ను ఆగస్టు 21న మార్చారు. రోజుకు 200 ఉండే వ్యూస్ 23న 2,400 అయ్యాయి. పన్నెండు రెట్లు! ఇదంతా కొత్త బొమ్మ మహిమేనా?

ముందుగా వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయో యూట్యూబ్ స్టూడియోలో చూడాలి. ఎక్కువ భాగం యూట్యూబ్ సెర్చ్ ద్వారా వచ్చి, గూగుల్ ట్రెండ్స్‌లో ఆ పదాల వెతుకులాట కూడా అదే రోజు పెరిగి ఉంటే, బయటి కారణం బలంగా ఉన్నట్టు. అయితే ఎంత బలమో అది చెప్పదు.

ఆ లెక్కకు పోలిక కావాలి. చంద్రయాన్-2 మీద అదే చానల్‌లో ఉన్న మరో వీడియోకు థంబ్‌నెయిల్ మార్చలేదు. దాని వ్యూస్ 300 నుంచి 3,000కు, అంటే పది రెట్లకు చేరాయి. విత్తనాల మొలకల మీది వీడియో మాత్రం ఎప్పటిలాగే ఉంది. కాబట్టి పెరుగుదల చానల్ మొత్తానిది కాదు, చంద్రుడి విషయానిది. ఏమీ మార్చకపోయినా మొదటి వీడియోకు 2,000 వ్యూస్ వచ్చి ఉండేవని అంచనా. థంబ్‌నెయిల్ ఖాతాలో వేయదగినవి మిగిలిన 400 మాత్రమే, అంటే అంచనాపై 20 శాతం.

సందడి తగ్గాక మళ్లీ చూడాలి. కొన్ని వారాలకు రెండో వీడియో 300కు తిరిగొచ్చి, మొదటిది 240 దగ్గర నిలబడితే అక్కడా 20 శాతమే మిగిలింది. అప్పుడు అంచనాకు బలం చేకూరుతుంది. మొదటిదీ 200కే దిగితే ఆ 400 కూడా వార్త పుణ్యమే కావచ్చు.

క్లిక్ శాతం ఇక్కడ తరచూ తప్పుదారి పట్టిస్తుంది. వీడియో కొత్తవారికి విస్తృతంగా కనిపించినప్పుడు, బొమ్మ బాగున్నా ఆ శాతం పడిపోవచ్చు. ఆసక్తితో వెతికేవారు ఎక్కువైతే మామూలు బొమ్మకూ పెరగవచ్చు. అందుకే సెర్చ్‌ను సెర్చ్‌తో, హోమ్ పేజీని హోమ్ పేజీతోనే పోల్చాలి.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. ఒక వీడియో చూసినవారే రెండోదానికీ వెళితే పోలిక కలుషితమవుతుంది. రోజుకు 200 వ్యూస్ ఉన్నచోట 40 తేడా మామూలు హెచ్చుతగ్గుల్లోనూ రావచ్చు, కనుక ఒక్క రోజు కాక రెండు మూడు వారాల సగటు తీసుకోవాలి. థంబ్‌నెయిల్‌లను ఒకే సమయంలో వేర్వేరు ప్రేక్షకులకు చూపి పరీక్షించే సదుపాయం ఇప్పుడు స్టూడియోలోనే ఉంది. వార్త ప్రభావం అన్నిటిపైనా ఒకేలా పడుతుంది కాబట్టి, అప్పుడు తేలే తేడా చాలావరకు బొమ్మలదే.