‘నైన్’ కాదు ‘నైనర్’.. పైలట్లు అంకెలను అలా ఎందుకు పలుకుతారు? ఒక్క ‘టూ’ నలుగురి ప్రాణాలు తీసింది!

విమానం కాక్‌పిట్ వీడియోలు చూసేవాళ్లకు ఈ డౌట్ వచ్చే ఉంటుంది. పైలట్లు తొమ్మిదిని ‘నైన్’ అనరు, ‘నైనర్’ అంటారు. త్రీని ‘ట్రీ’ అని, ఫైవ్‌ను ‘ఫైఫ్’ అని పలుకుతారు. ఇదేదో స్టైల్ అనుకుంటే పొరపాటే. రేడియోలో ఒక మాట ఇంకో మాటలా వినిపిస్తే ఏమవుతుందో తెలిశాక పెట్టుకున్న పద్ధతి ఇది. ఎంత సీరియస్ విషయమో అర్థం కావాలంటే 1989లో మలేషియాలో జరిగిన ఓ ప్రమాదం గురించి తెలుసుకోవాలి.

అసలేం జరిగింది?

1989 ఫిబ్రవరి 19. అమెరికాకు చెందిన ఫ్లయింగ్ టైగర్ కార్గో సంస్థ బోయింగ్ 747 విమానం సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు బయల్దేరింది. లోపల ఉన్నది నలుగురే. ఎయిర్‌పోర్ట్ దగ్గరపడుతుండగా, 2400 అడుగుల ఎత్తుకు దిగమని కంట్రోలర్ చెప్పాలి. ఆయన రేడియోలో అన్న మాట ఇది: ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’. అంటే ‘దిగండి, రెండు నాలుగు సున్నా సున్నా’ అని.

కాక్‌పిట్‌లో మాత్రం అది ‘డిసెండ్ టు.. ఫోర్ జీరో జీరో’ అని అర్థమైంది. అంటే ‘400 అడుగులకు దిగండి’ అని! ఇంగ్లిష్‌లో రెండు అనే ‘టూ’, ఫలానా చోటికి అని చెప్పే ‘టు’ వినడానికి దాదాపు ఒకటే. కాగితం మీద రాస్తే స్పెల్లింగ్ వేరు కాబట్టి ఎవరూ పొరబడరు. కానీ చెవికి స్పెల్లింగ్ కనిపించదు కదా.

పైలట్ వెంటనే ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అని బదులిచ్చారు. విమానం 400 అడుగుల కోసం కిందకు దిగుతూ పోయింది. సముద్ర మట్టానికి సుమారు 437 అడుగుల ఎత్తులో ఉన్న కొండ వాలును ఢీకొట్టింది. నలుగురూ చనిపోయారు.

రిపీట్ చేసినా ఎందుకు దొరకలేదు?

విమానయానంలో ‘రీడ్‌బ్యాక్’ అని ఒక రూల్ ఉంది. కంట్రోలర్ చెప్పినదాన్ని పైలట్ తిరిగి చెప్పాలి. తేడా ఉంటే కంట్రోలర్ అక్కడికక్కడే సరిచేయాలి. ఇక్కడ పైలట్ తిరిగి చెప్పారు, అదీ తప్పుగానే చెప్పారు. అయినా ఎవరూ పట్టుకోలేదు.

పైలట్ మాటలో ‘ఫోర్ జీరో జీరో’ ఉంది. కంట్రోలర్ చెప్పినదాంట్లోనూ అదే ఉంది. ముందున్న చిన్న ‘టూ’ ఒక్కటే మాయమైంది. తాను చెప్పిన అంకె మనసులో ఉన్నవాడికి, అవతలివాళ్ల మాట కూడా అలాగే వినిపిస్తుంది. ఒకేలా వినిపించే మాటలతో వచ్చే అసలు చిక్కు ఇదే. విన్నవాడికి తాను తప్పుగా విన్నానని అనుమానమే రాదు. మాట వినబడకపోతే మళ్లీ అడుగుతాడు. వేరేలా వినబడితే మాత్రం అడగడు.

అయితే ఆ ప్రమాదానికి ఈ ఒక్క మాటే కారణం అనలేం. నేల దగ్గరపడుతోందని హెచ్చరించే అలారం మోగినా సిబ్బంది పట్టించుకోలేదు. ఏ పద్ధతిలో ల్యాండ్ అవ్వాలన్న దానిపై కూడా కాక్‌పిట్‌లో గందరగోళం నడిచింది. కానీ ఆ తప్పుడు ఎత్తు తలకెక్కింది మాత్రం ఆ ‘టూ’ దగ్గరే.

మరి ఎలా చెప్పాల్సింది?

ఇలాంటి చోట ‘గట్టిగా, నిదానంగా చెప్పండి’ అనే సలహా పనిచేయదు. ‘టూ’ని ఎంత స్పష్టంగా పలికినా అది ‘టు’ లాగే ఉంటుంది. మార్చాల్సింది గొంతును కాదు, మాటను. ‘టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్ ఫీట్’ అని ఉంటే మధ్యలో ‘థౌజండ్’ అనే మాట గట్టిగా నిలబడేది. ముందున్న ‘టూ’ సరిగా వినపడకపోయినా, ‘ఎన్ని వేలు?’ అనే ప్రశ్న వచ్చేది. 400 అనే అర్థం మాత్రం వచ్చేది కాదు.

బ్రిటన్‌లో దీనికి ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అడుగుల్లో ఎత్తు చెప్పేటప్పుడు ‘టు’ పక్కనే అంకె రాకూడదు. మధ్యలో ‘ఆల్టిట్యూడ్’ లేదా ‘హైట్’ అనే మాట రావాలి. ‘ఫ్లైట్ లెవెల్’ అని చెప్పేచోట అసలు ‘టు’నే వదిలేస్తారు. అలాగే అక్కడ ఫ్లైట్ లెవెల్ 100ను ‘వన్ జీరో జీరో’ అనకుండా ‘వన్ హండ్రెడ్’ అంటారు. లేదంటే అది ‘వన్ వన్ జీరో’లా, అంటే 110లా వినిపించే ప్రమాదం ఉంది.

నైనర్ వెనుక కథ ఇదే

‘ఫైవ్’, ‘నైన్’ రెండింటిలోనూ మధ్యలో ఉన్నది ‘ఐ’ శబ్దమే. రేడియోలో గరగరలు వస్తే మొదటి అక్షరం, చివరి అక్షరం ముందుగా చెదిరిపోతాయి. మిగిలేది ఆ ‘ఐ’ ఒక్కటే. అప్పుడు ఐదో, తొమ్మిదో చెప్పడం కష్టం. ‘నైనర్’ అంటే ఇంకో అక్షరం కలుస్తుంది కాబట్టి మాట పొడవును బట్టే గుర్తుపట్టొచ్చు.

‘అవును’ అనడానికి అంతర్జాతీయ పద్ధతిలో ‘అఫర్మ్’ అంటారు కానీ ‘అఫర్మేటివ్’ అనరు. కాదు అనడానికి వాడేది ‘నెగెటివ్’. రెండింటి చివరా ‘టివ్’ ఉంటే, మొదటి ముక్క కట్ అయినప్పుడు అవునో కాదో తేలదు. బీ, సీ, డీ, పీ, టీ అక్షరాలదీ ఇదే గొడవ, అన్నీ ‘ఈ’తోనే ముగుస్తాయి. అందుకే బ్రావో, చార్లీ, డెల్టా, పాపా, టాంగో అంటారు. ఈ పేర్లు 1956 నుంచి అంతర్జాతీయంగా వాడుకలో ఉన్నాయి. శంషాబాద్‌లో దిగే విమానమైనా, గన్నవరంలో దిగే విమానమైనా ఇవే మాటలు.

మన ఫోన్ కాల్స్‌లోనూ ఇదే తంటా

తెలుగులో ‘పదిహేను’, ‘పదిహేడు’ పక్కపక్కన అని చూడండి. తేడా చివరి అక్షరం ఒక్కటే. ‘ఇరవై’, ‘అరవై’ మధ్య తేడా మొదటి అక్షరమే. ఇంగ్లిష్‌లో చెబుదామంటే అక్కడ ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ ఉన్నాయి. బస్సులో కూర్చున్న అన్నయ్యకు తమ్ముడు ఫోన్ చేసి ‘పదిహేడు వేలు పంపు’ అంటే, అటువైపు పదిహేను వేలే వినిపించొచ్చు.

పైలట్ల పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. ‘పదిహేడు వేలు.. ఒకటి, ఏడు’ అని అంకెలు విడివిడిగా కలిపి చెబితే ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది. అలాగే అన్నయ్య ‘సరే’ అంటే సరిపోదు. ‘ఎంత పంపుతున్నావో చెప్పన్నా’ అని అడగాలి. ‘పదిహేడే కదా?’ అని అడిగితే లాభం లేదు. పదిహేనే విన్న మనిషికి అదీ ‘పదిహేనే కదా’లాగే వినిపించి, ‘ఆ, అంతే’ అనేస్తాడు. అంకె ఆయన నోటి నుంచి రావాలి, ఇటువైపు దాన్ని చివరి అక్షరం దాకా వినాలి. కౌలాలంపూర్‌లో ఆరోజు జరగనిది ఆ రెండో పనే.