స్నేహాలకు పట్టికా, జాబితానా?

2011లో ఫేస్‌బుక్‌ వాడుతున్న 72.1 కోట్ల మంది మధ్య సుమారు 6,900 కోట్ల స్నేహాలున్నాయి. సగటున మనిషికి 190 మంది మిత్రులన్నమాట.

వీటిని అడ్జసెన్సీ మ్యాట్రిక్స్‌లో, అంటే ప్రతి మనిషికీ ఒక అడ్డవరుస, ఒక నిలువువరుస ఉండే గళ్ల పట్టికలో పెడితే, గడికి ఒక్క బిట్‌ అనుకున్నా 65 పెటాబైట్లు కావాలి. అందులో దాదాపు అన్నీ సున్నాలే! ఎవరి మిత్రుల నంబర్లు వారి దగ్గరే రాసుకునే అడ్జసెన్సీ లిస్టుకు, నంబరుకు 4 బైట్ల చొప్పున, 550 గిగాబైట్లు చాలు. ఒకరి మిత్రులందరినీ చూపాలంటే లిస్టులో 190 నంబర్లు చదివితే సరి. పట్టికలో 72 కోట్ల గళ్లూ తిరగాలి.

‘ఈ ఇద్దరూ మిత్రులేనా?’ అని అడిగితే మాత్రం పట్టిక ఒక్క గడితో జవాబిస్తుంది, లిస్టు వెతుక్కోవాలి.

దట్టమైన గ్రాఫులో లెక్క తిరగబడుతుంది. వంద ఊళ్లలో ప్రతి రెండింటి మధ్య దూరం రాయాలంటే పట్టికలో ఖాళీ గళ్లుండవు. లిస్టులోనేమో ప్రతి దూరం పక్కనా ఊరి నంబరు కూడా రాయాలి.